ఓవర్‌హెడ్ ట్యాంకు ఎత్తుని చివరి కుళాయి దగ్గర నుంచి వెనక్కి లెక్కేద్దాం

ఓవర్‌హెడ్ ట్యాంకు డిజైన్ నోట్ తెరిచి చూస్తే చాలాసార్లు మొదటి పేజీలోనే కెపాసిటీ ఇంత, స్టేజింగ్ 15 మీటర్లు అని రాసేసి ఉంటుంది, అంటే నేల నుంచి ట్యాంకు అడుగు దాకా ఎత్తు అన్నమాట. ఆ 15 ఎక్కడ్నుంచి వచ్చింది అని వెతికితే ఆ నోట్‌లో ఎక్కడా దొరకదు, పోయినసారి కట్టిన ట్యాంకుకి అంతే పెట్టారు కాబట్టి దీనికీ అంతే. తర్వాత ట్యాంకు కట్టేస్తారు, పైపులు వేసేస్తారు, ట్యాంకు పక్క వీధిలో నీళ్లు జోరుగా వస్తాయి, ఊరి చివర మిట్ట మీద ఇళ్లకి మాత్రం బిందె నిండటానికి అరగంట పడుతుంది. అసలు ఎత్తు అనేది మొదట పెట్టుకునే అంకె కాదు, లెక్క అంతా అయ్యాక చివర్లో బయటికొచ్చే అంకె, ఆ లెక్క మొదలవ్వాల్సింది కూడా ట్యాంకు దగ్గర కాదు, అందరికంటే కష్టంగా నీళ్లందే కుళాయి దగ్గర. ఒక చిన్న ఊరిని ఊహించుకుని, అంకెలతో సహా, ఆ లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం.

ముందు నీళ్లు ఎన్ని కావాలి. డిజైన్ కాలం అయిపోయే నాటికి జనాభా 8,000 అవుతుంది అనుకుందాం, మనిషికి రోజుకి 100 లీటర్లు. కుళాయి దగ్గరికి చేరాల్సింది 800 కిలోలీటర్లు. దారిలో లీకేజీలకి 15 శాతం పోతుందనుకుంటే చాలామంది 800కి 15 శాతం కలిపి 920 అంటారు, అది తప్పు, ఎందుకంటే పోయేది ట్యాంకు నుంచి బయల్దేరిన నీళ్లలో 15 శాతం, కాబట్టి 800ని 0.85తో భాగించాలి, 941 వస్తుంది, 940 పెట్టుకుందాం. రోజంతా సమానంగా పారితే అది సెకనుకి 10.9 లీటర్లు. కానీ జనం రోజంతా సమానంగా వాడరు కదా, పొద్దున్నే అందరూ ఒకేసారి కుళాయి తిప్పుతారు, ఊరు ఎంత చిన్నదైతే ఈ ఒకేసారి అనేది అంత ఎక్కువ. అందుకే చిన్న ఊళ్లకి పీక్ ఫ్యాక్టర్ 3 తీసుకుంటారు, అంటే సగటుకి మూడు రెట్లు, జనాభా పెరిగే కొద్దీ అది 2.5కి, 2కి తగ్గుతుంది. ఇక్కడ 3 పెడితే దాదాపు సెకనుకి 33 లీటర్లు. ఊళ్లో వేసే పైపులన్నీ ఈ 33 కోసం డిజైన్ చేయాలి, సగటు కోసం కాదు.

ట్యాంకు అసలు పని ఇక్కడే అర్థమవుతుంది. కిందనుంచి ట్యాంకులోకి పంపు నింపే నీళ్ల వేగం వేరు, ట్యాంకు నుంచి ఊళ్లోకి దిగే వేగం వేరు, రెండింటికీ మధ్య తేడాని భరించేదే ట్యాంకు. అందుకే ట్యాంకు సైజు జనాభాని బట్టి మాత్రమే రాదు, పంపు ఎన్ని గంటలు, ఏ టైములో తిరుగుతుందో దాన్ని బట్టి కూడా వస్తుంది. మన ఊరి వాడకం ఇలా ఉందనుకోండి, ఉదయం 5 నుంచి 9 లోపు రోజు మొత్తంలో 40 శాతం, 9 నుంచి సాయంత్రం 4 దాకా 20 శాతం, 4 నుంచి రాత్రి 8 దాకా 28, 8 నుంచి 10 దాకా 7, మిగతా రాత్రంతా 5 శాతం. పంపు ఉదయం 5 నుంచి సాయంత్రం 5 దాకా 12 గంటలు తిరిగితే గంటకి 8.33 శాతం ఎక్కిస్తుంది. ఉదయం 9 అయ్యేసరికి ఎక్కింది 33.3, దిగింది 40, అంటే మొదలుపెట్టిన లెవెల్ కంటే 6.7 శాతం కిందికి పోయింది. ఆ తర్వాత మధ్యాహ్నం అంతా నిండుతూ సాయంత్రం 5కి మొదటి లెవెల్ కంటే 33 శాతం పైకి వెళ్తుంది, రాత్రంతా మళ్లీ తగ్గుతూ పొద్దున 5కి మొదటికి వచ్చేస్తుంది. పైకి 33, కిందికి 6.7, కలిపితే దాదాపు 40 శాతం, అంటే 940లో సుమారు 373 కిలోలీటర్లు.

అదే పంపు రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 8 గంటలే తిరిగితే? జనం వాడని టైములో నింపి, వాడే టైములో పంపు ఆపేసినట్టు అవుతుంది, ట్యాంకు రోజు వాడకంలో 85 శాతం పట్టాలి, అంటే దాదాపు 800 కిలోలీటర్లు. 24 గంటలూ తిరిగితే 25.5 శాతం చాలు, 240 కిలోలీటర్లు. ఊరు అదే, జనం అదే, కానీ ట్యాంకు సైజు మూడు రెట్లకి పైగా మారిపోయింది. జనాభా చూసి రోజు వాడకంలో ఇంత శాతం అని కళ్లు మూసుకుని పెట్టేసే ముందు ఆ పంపుకి కరెంటు ఎప్పుడు ఉంటుందో ఒక్కసారి కనుక్కుంటే చాలు. మనం 12 గంటల పంపింగ్ తీసుకుని, పంపు కాసేపు ఆగినా తట్టుకునేలా కొంచెం కలిపి 450 కిలోలీటర్ల ట్యాంకు అనుకుందాం, లోపల నీటి లోతు 4 మీటర్లు, అంటే వ్యాసం దాదాపు 12 మీటర్లు వస్తుంది.

ఇప్పుడు ఎత్తు. ట్యాంకు కట్టే చోట నేల లెవెల్ 100 మీటర్లు అనుకుందాం. ట్యాంకు నుంచి మెయిన్ పైపు 600 మీటర్లు వెళ్లి ఏ అనే జంక్షన్‌కి చేరుతుంది, అక్కడ సెకనుకి 13 లీటర్లు ఆ చుట్టుపక్కల వీధులకి విడిపోతాయి. మిగిలిన 20 లీటర్లు ఇంకో 500 మీటర్లు వెళ్లి బి జంక్షన్ చేరతాయి, అక్కడ 12 లీటర్లు పక్క వీధులకి పోతాయి. మిగిలిన 8 లీటర్లు 400 మీటర్లు వెళ్లి సి దగ్గర ఆగుతాయి. సి ఉన్నది మిట్ట మీద, అక్కడ నేల లెవెల్ 104. ఏ నుంచి ఒక కొమ్మ పల్లంలోకి దిగుతుంది, అక్కడ లెవెల్ 92. ఇంతే నెట్‌వర్క్.

సి దగ్గర రెండంతస్తుల ఇంటికి నీళ్లు ఎక్కాలంటే పీక్ టైములో కూడా నేల దగ్గర 12 మీటర్ల ప్రెషర్ మిగలాలి అని పెట్టుకుందాం, పది మీటర్ల నీళ్లంటే దాదాపు ఒక బార్. ఇక పైపులో పారేటప్పుడు రాపిడి వల్ల ఎంత ప్రెషర్ తినేస్తుందో కావాలి, దానికి ఎక్కువగా వాడేది హేజెన్ విలియమ్స్ ఫార్ములా:

```
hf = 10.67 * L * Q^1.852 / (C^1.852 * d^4.87)
```

ఇక్కడ `hf` అంటే అలా రాపిడికి పోయే ప్రెషర్, దాన్నే హెడ్ లాస్ అంటారు, `L` పైపు పొడవు, `d` లోపలి వ్యాసం, మూడూ మీటర్లలో, `Q` ప్రవాహం, సెకనుకి ఘనపు మీటర్లలో, `C` పైపు ఎంత నున్నగా ఉందో చెప్పే అంకె. కొత్త ప్లాస్టిక్ పైపుకి `C` 140 పైనే ఉంటుంది, కానీ పైపు కొత్తగా ఉండేది కొన్నాళ్లే కాబట్టి 130 తీసుకోవడం మంచిది. ఈ ఫార్ములాలో అన్నిటికంటే గట్టిగా చూడాల్సింది `d` మీద ఉన్న 4.87, మొత్తం డిజైన్ ఆ ఒక్క పవర్ చుట్టూనే తిరుగుతుంది, కాసేపట్లో తెలుస్తుంది.

మొదటి ప్రయత్నంగా, పైపులో వేగం సెకనుకి ఒక మీటరు అటూ ఇటూ ఉంటే చాలు అనే అలవాటు ప్రకారం, ఏ దాకా 200 మిల్లీమీటర్లు, బి దాకా 150, సి దాకా 100 పెడదాం. వేగాలు వరసగా 1.05, 1.13, 1.02 వస్తాయి, చూడటానికి అంతా పద్ధతిగానే ఉంటుంది. హెడ్ లాస్ చూస్తే మొదటి పైపులో 3.56 మీటర్లు, రెండో దాంట్లో 4.76, మూడో దాంట్లో 5.03, మొత్తం 13.35. వంపులకి, వాల్వులకి ఇంకో 10 శాతం కలిపితే 14.7. ఇప్పుడు సి నుంచి వెనక్కి రండి, నేల 104, మిగలాల్సిన ప్రెషర్ 12, దారిలో పోయింది 14.7, కలిపితే 130.7. ట్యాంకులో నీళ్లు అడుగంటినప్పుడు కూడా లెవెల్ 130.7 ఉండాలి, ఎందుకంటే ఉదయం 9కి, అంటే సరిగ్గా జనం వాడి వాడి అలిసిన టైముకే, ట్యాంకు రోజులో అన్నిటికంటే ఖాళీగా ఉంటుందని పైన చూశాం కదా. ఫుల్ ట్యాంక్ లెవెల్ పెట్టి లెక్కేస్తే 4 మీటర్లు ఉత్తినే కలిసొచ్చినట్టు కనిపిస్తాయి, కానీ అవి అవసరమైన గంటలో ఉండవు. నేల 100 కాబట్టి స్టేజింగ్ 30.7 మీటర్లు కావాలి. దీన్ని 15 మీటర్లతో కట్టేసి ఉంటే మిట్ట మీద వాళ్ల గతి ఏంటో ఊహించుకోవచ్చు.

30 మీటర్ల స్టేజింగ్ కట్టొచ్చు, కానీ ఒక్కసారి కట్టి వదిలేసేది కాదు అది, ఆ ఎత్తుకి ప్రతి రోజూ, ట్యాంకు ఉన్నంత కాలం, 940 కిలోలీటర్లని పంపు ఎక్కిస్తూనే ఉండాలి. కాబట్టి ఎత్తు పెంచే ముందు పైపు పెంచి చూడాలి. ఏ పైపు పెంచాలి అనే దగ్గర చాలామంది చెయ్యి మెయిన్ పైపు మీదికే వెళ్తుంది, అందరి నీళ్లూ దాంట్లోంచే పోతాయి కాబట్టి. లెక్క చూడండి. మెయిన్‌ని 200 నుంచి 250 చేస్తే లాస్ 3.56 నుంచి 1.20కి వస్తుంది, 600 మీటర్ల పెద్ద పైపు మార్చి 2.36 మీటర్లు గెలిచాం. మధ్య పైపుని 150 నుంచి 200 చేస్తే 4.76 కాస్తా 1.17 అవుతుంది, 500 మీటర్లు మార్చి 3.59 గెలిచాం. చివరి 100 పైపుని 150 చేస్తే 5.03 ఏకంగా 0.70కి పడిపోతుంది, 400 మీటర్ల చిన్న పైపు మార్చి 4.33 గెలిచాం. అందరికంటే చవకైన పైపు, అందరికంటే తక్కువ పొడవు, అందరికంటే ఎక్కువ లాభం. వ్యాసం ఒకటిన్నర రెట్లు అయితే లాస్ ఏడో వంతుకి పడిపోవడం ఆ 4.87 చేసే పని. చివరి వీధులకి ఏముందిలే నాలుగిళ్లే కదా అని సన్న పైపు వేసేయడం వల్ల ఎంత ఎత్తు దండగవుతుందో ఇక్కడ కనబడుతుంది.

చివరి రెండూ పెంచి మెయిన్‌ని 200లోనే ఉంచితే లాస్ 5.43, పది శాతం కలిపి 6 మీటర్లు. 104, 12, 6 కలిపితే 122, స్టేజింగ్ 22 మీటర్లు. దాదాపు తొమ్మిది మీటర్ల ఎత్తు తగ్గింది, 900 మీటర్ల పైపు ఒక సైజు పెరిగింది. మెయిన్ కూడా పెంచితే ఇంకో 2.6 మీటర్లు తగ్గుతుంది, అది చేయాలా వద్దా అనేది కరెంటు ఖర్చు, పైపు రేటు చూసి తేల్చుకోవాల్సిన విషయం, ఇక్కడికి 22 దగ్గర ఆపుదాం. ఒక మాట, సి పైపులో వేగం ఇప్పుడు సెకనుకి 0.45 మీటర్లే, రాత్రిపూట ఇంకా తక్కువ, మట్టి అడుక్కి చేరే అవకాశం ఉంటుంది, కాబట్టి ఆ పైపు చివర కడిగి వదలడానికి ఒక వాష్ అవుట్ వాల్వు తప్పకుండా పెట్టాలి.

ఈ అంకెలన్నీ పైపు లోపలి వ్యాసం మీద వేసినవి, ఈ ఒక్క మాట మర్చిపోవడం వల్ల కాగితం మీద బాగున్న డిజైన్లు ఊళ్లోకొచ్చాక దెబ్బతింటాయి. హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ పైపుని 110 అని పిలిస్తే అది బయటి వ్యాసం. పీఈ100 రకంలో 10 బార్ పైపు తీసుకుంటే గోడ మందం 6.6 మిల్లీమీటర్లు, రెండు వైపులా తీసేస్తే లోపల నీళ్లు పారేది 96.8లో. 110 పెట్టి లెక్కేసిన దానికంటే హెడ్ లాస్ దాదాపు 86 శాతం ఎక్కువ వస్తుంది, అంటే కాగితం మీద 5 మీటర్లు అన్నది నేల మీద 9 దాటుతుంది. పైగా ప్రెషర్ క్లాస్ పెరిగే కొద్దీ గోడ మందమై లోపల ఇంకా ఇరుకవుతుంది, గట్టి పైపు వేశాం ఇంకా మంచిదే కదా అనుకుంటే నీళ్ల దారి తగ్గిపోతుంది. ఇలాంటిదే నేల లెవెళ్ల సంగతి కూడా, ఫోన్‌లో జీపీఎస్ చూపించే ఎత్తు నాలుగైదు మీటర్లు తేడా రావడం మామూలే, మనం సి దగ్గర మిగల్చాలని తాపత్రయపడేదే 12 మీటర్లు, అందులో మూడో వంతు అక్కడే పోతుంది. లెవెల్ యంత్రం పెట్టి కొలవని జంక్షన్ మీద ఈ లెక్క వేయడం దండగ.

మిట్ట అయ్యాక పల్లం కూడా చూడాలి, కానీ దానికి టైము వేరు. పల్లంలో ఇబ్బంది వచ్చేది పీక్‌లో కాదు, రాత్రి ఎవరూ కుళాయి తిప్పనప్పుడు, పైపులో ప్రవాహం లేదు కాబట్టి లాస్ లేదు, ట్యాంకులో నిండుగా ఉంటే ఆ ఎత్తంతా నేరుగా పల్లం పైపు మీద పడుతుంది. మన ఫుల్ ట్యాంక్ లెవెల్ 126, పల్లం 92, తేడా 34 మీటర్లు, 6 బార్ పైపుకి ఇబ్బందేమీ లేదు. మొదటి ప్రయత్నంలో వచ్చిన 30.7 మీటర్ల స్టేజింగే కట్టి ఉంటే అది 42.7 అయ్యేది, పైపు పగలకపోయినా ప్రెషర్ ఎంత ఉంటే లీకు అంత ఎక్కువ కారుతుంది, రాత్రంతా కారుతూనే ఉంటుంది.

ఇక అన్నిటికంటే పెద్ద చిక్కు. పైన వేసిన లెక్క 24 గంటలూ నీళ్లు ఉంటాయి, ఎవరికి కావాల్సినప్పుడు వాళ్లు పట్టుకుంటారు అనే నమ్మకం మీద వేసింది. పీక్ ఫ్యాక్టర్ 3 అంటే ఇంకోరకంగా చెప్తే రోజు నీళ్లన్నీ 8 గంటల్లో అయిపోయేంత జోరు. కానీ నిజంగా ఊళ్లో పొద్దున 2 గంటలు, సాయంత్రం 2 గంటలు వాల్వు తిప్పి వదిలితే 940 కిలోలీటర్లు 4 గంటల్లో దిగాలి, సెకనుకి 65 లీటర్లు, సగటుకి ఆరు రెట్లు. ప్రవాహం రెట్టింపు అయింది కదా అని లాస్ కూడా రెట్టింపు అనుకోవద్దు, పవర్ 1.852 కాబట్టి 3.61 రెట్లు. 6 మీటర్లు అన్న లాస్ 21.6 అయిపోయింది, సి దగ్గర మనకి అందుబాటులో ఉన్న ఎత్తే 122లోంచి 104 తీసేస్తే 18. ఉన్నదానికంటే పోవాల్సింది ఎక్కువ, అంటే ఆ నీళ్లు అక్కడికి చేరవు. నిజంగా జరిగేదేంటంటే ఏ దగ్గర వాళ్లు ముందు పట్టుకుంటారు, కుళాయిలు తెరిచే ఉంటాయి కాబట్టి వాళ్లకి అవసరం ఉన్నా లేకపోయినా నీళ్లు పోతూనే ఉంటాయి, సి వాళ్లకి వదిలే గంటల చివర్లో కాస్త తడి తగులుతుంది. అప్పుడు వాళ్లు పైపుకి నేరుగా మోటారు బిగిస్తారు, పైపులో ప్రెషర్ సున్నా కంటే కిందికి పోయి లీకుల్లోంచి బయటి మురికి లోపలికి వస్తుంది. ఆ మోటార్లని తిట్టుకుని లాభం లేదు, 8 గంటల జోరుకి వేసిన పైపుని 4 గంటలకి వాడటం వల్ల వచ్చిన చిక్కు అది.

ఈ నెట్‌వర్క్‌ని పైపుల లెక్కలు వేసే EPANET సాఫ్ట్‌వేర్‌లో పెట్టినా ఇదే సంగతి ఇంకోలా ఎదురవుతుంది. మామూలు సెట్టింగ్‌లో అది ప్రతి జంక్షన్‌కి అడిగినన్ని నీళ్లు అందేశాయి అనుకునే లెక్క మొదలుపెడుతుంది, అందుకే 65 లీటర్లు పెడితే సి దగ్గర మైనస్ ప్రెషర్ చూపిస్తుంది. ఆ మైనస్ అంకెని నిజమైన ప్రెషర్‌గా చదవకూడదు, అన్ని నీళ్లు అందడం కుదరదు అని చెప్పడమే అది. ఎంత తగ్గుతుందో కావాలంటే 2.2 వెర్షన్ నుంచి ప్రెషర్‌ని బట్టి నీళ్లు తగ్గించే పద్ధతి ఉంది:

```
[OPTIONS]
UNITS              LPS
HEADLOSS           H-W
DEMAND MODEL       PDA
MINIMUM PRESSURE   0
REQUIRED PRESSURE  7
PRESSURE EXPONENT  0.5
```

ఇలా పెడితే 7 మీటర్ల కంటే ప్రెషర్ తగ్గిన చోట నీళ్లు కూడా దానికి తగ్గట్టు తగ్గించి చూపిస్తుంది, ఏ వీధికి ఎంత కోత పడుతుందో అప్పుడు కనబడుతుంది. ఊరికి నిజంగా 4 గంటలే ఇవ్వాల్సి వస్తే మార్గాలు రెండే, పైపులన్నీ 65 లీటర్లకి మళ్లీ లెక్కేయడం, లేదా ఊరిని జోన్లుగా విడదీసి ఒక్కో జోన్‌కి ఒక్కో టైము ఇవ్వడం, అదీ మిట్ట మీద జోన్‌కి ట్యాంకు నిండుగా ఉన్న టైము ఇవ్వడం.

కట్టేసిన ఊళ్లో నీళ్లు అందట్లేదంటే ట్యాంకు ఎత్తు చాలలేదనే మాట మొదట వస్తుంది, అది నిజమో కాదో ఒక ప్రెషర్ గేజ్‌తో తేల్చొచ్చు. సి దగ్గర కుళాయికి గేజ్ బిగించి రాత్రి మూడింటికి ఒకసారి, పొద్దున పీక్‌లో ఒకసారి చూడాలి, రెండుసార్లూ ట్యాంకులో నీటి లెవెల్ రాసుకోవాలి. రాత్రి ట్యాంకు లెవెల్ 124 ఉంటే సి దగ్గర 20 మీటర్లకి దగ్గరగా రావాలి. అదే తక్కువగా ఉంటే లెవెళ్లే తప్పు కొలిచి ఉండాలి లేదా రాత్రిపూట పెద్ద లీకు ఉండాలి. రాత్రి 20 వచ్చి, పొద్దున అదే 124 లెవెల్‌లో 5 మీటర్లే వస్తే ఎత్తుది తప్పు కాదు, దారిలో 15 పోతోంది, 6 పోవాల్సిన చోట. అప్పుడు గేజ్ తీసుకుని ఏ దగ్గర, బి దగ్గర కూడా పీక్‌లోనే చూడాలి. ఏ దాకా 3.9, అక్కడి నుంచి బి దాకా 1.3, బి నుంచి సి దాకా 0.8 పోవాలి అని మన లెక్క. మూడు చోట్లా అదే దామాషాలో పెరిగి ఉంటే జనం మనం అనుకున్నదానికంటే ఎక్కువ లాగుతున్నారు, 2.5 రెట్ల లాస్ అంటే ప్రవాహం 1.64 రెట్లు. అలా కాకుండా ఏ నుంచి బి మధ్యే 10 మీటర్లు పోయిందంటే ఆ 500 మీటర్లలో ఎక్కడో వాల్వు సగం మూసి ఉంది, లేదా 200 అని రాసిన చోట ఇంకో సైజు పైపు పూడ్చేశారు, తవ్వాల్సింది అక్కడే.